ఫాస్ట్ స్కాన్: పొట్టలో నెత్తురు ముందుగా చేరే చోట్లు వెతకడం ఎలా

నేను పీజీ రెండో ఏడాదిలో ఉన్నప్పటి సంగతి. రాత్రి పదకొండు దాటాక 108లో ఒక కుర్రాణ్ణి తెచ్చారు. ఇరవై నాలుగేళ్లుంటాయి. బైకు మీద వెళ్తూ ఆగి ఉన్న ట్రాలీని గుద్దుకున్నాడు. మాట్లాడుతున్నాడు, నీళ్లడుగుతున్నాడు. పల్స్ 124, బీపీ 92/60. ఎడమ పక్కటెముకల దగ్గర గీరుకుపోయింది తప్ప పైకి పెద్ద గాయం లేదు. నేను అల్ట్రాసౌండ్ ప్రోబ్ తీసుకుని కుడి పక్కన పెట్టాను. లివర్, దాని పక్కనే కిడ్నీ, రెండింటి మధ్యా తెల్లటి సన్నని గీత. నలుపు ఎక్కడా లేదు. "ఫ్లూయిడ్ లేదు సార్" అన్నాను. చేతిలో ఎక్స్‌రే పట్టుకుని నిలబడ్డ మా సార్ తలెత్తకుండానే అడిగారు: "ఏమ్మా, లివర్ కొస చూశావా?"

చూడలేదు. ఫాస్ట్ నేర్చుకునేవాళ్లలో చాలామంది చేసే తప్పే ఇది. బొమ్మ అందంగా వచ్చిన చోట ఆగిపోతారు. కిందపడ్డ నీళ్లు నేలలో పల్లం వెతుక్కున్నట్టే, పొట్టలో కారిన నెత్తురు కూడా పల్లం వెతుక్కుంటుంది. అందుకని స్కాన్‌లో మనం వెతికేది అవయవాన్ని కాదు, ఆ పల్లాన్ని. స్ప్లీన్ పగిలిందా, లివర్ చీలిందా అన్నది ఈ స్కాన్ తేల్చే విషయం కాదు. పొట్టలో ఉండకూడని ద్రవం ఉందా, గుండె చుట్టూ ఉందా, ఈ రెండు ప్రశ్నలకే జవాబు. ఊపిరితిత్తులు కూడా కలిపి చూస్తే ఇ-ఫాస్ట్ అంటారు, దాని గురించి ఇక్కడ రాయడం లేదు.

క్యాజువాలిటీలో డ్యూటీ చేసే హౌస్ సర్జన్లు, పీజీలు, జిల్లా ఆసుపత్రుల్లో ఒంటరిగా రాత్రి నెట్టుకొచ్చే డాక్టర్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. చదివినంత మాత్రాన చేయి తిరగదు. చేయి తిరిగిన వాళ్ల పక్కన నిలబడి, మామూలు మనుషుల మీద ఎన్నోసార్లు ప్రోబ్ పెట్టి చూశాకే రోగి దగ్గరికి వెళ్లండి.

మెషీన్ దగ్గర మొదలు

పొట్టకు వాడే వంపు ప్రోబ్ తీసుకోండి. ప్రీసెట్ అబ్డామిన్‌లో ఉంచండి. అంతకుముందు ఎవరో ఎకో చూసి కార్డియాక్ ప్రీసెట్‌లో వదిలేసి ఉంటే తెర మీది గుర్తు కుడివైపుకి మారిపోతుంది, బొమ్మ తిరగబడుతుంది. తల వైపు అనుకున్నది కాళ్ల వైపు అయి కూర్చుంటుంది. అందుకే ప్రోబ్ పెట్టేముందు దాని ఒక అంచుని వేలితో తాకి, తెర మీద ఎటు కదిలిందో చూసుకోండి. ఒక్క సెకను పని.

డెప్త్ పెద్దవాళ్లకి మొదట 15 సెంటీమీటర్ల దగ్గర పెట్టండి, తర్వాత మనిషిని బట్టి మార్చుకోవచ్చు. క్యాజువాలిటీ ట్యూబ్‌లైట్ల వెలుగులో తెర సరిగా కనబడక చాలామంది గెయిన్ పెంచేస్తారు. గెయిన్ పెరిగితే పల్చటి నెత్తురు పొర బూడిదరంగులో కలిసిపోతుంది. వీలైతే మీ పక్క లైటు ఆర్పించండి. జెల్లీకి మొహమాటపడకండి.

రోగి వెల్లకిలా పడుకునే ఉంటాడు. లైను పెట్టేవాళ్లు, నెత్తురు తీసేవాళ్లు, బట్టలు కత్తిరించేవాళ్లు తమ పని చేస్తుండగానే మీరు కుడివైపు నిలబడి స్కాన్ చేస్తారు. అలవాటైన చేతికి నాలుగు చోట్లూ చూడటానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. దానికోసం సెలైన్, నెత్తురు ఎక్కించడం ఆపాల్సిన పనిలేదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. మెషీన్ ఏదైనా పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి, గర్భిణికి స్కాన్ చేస్తే ఫారం ఎఫ్ నింపాలి. కొన్నిచోట్ల ఈ భయంతోనే మెషీన్ రేడియాలజీ గదిలో తాళం వేసి ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో డ్యూటీ ఎక్కగానే కనుక్కోండి, రోగి వచ్చాక కాదు.

కుడి పక్క: మూడు చోట్లు, ఒక్కటి కాదు

దెబ్బ మొద్దుబారినదైతే, అంటే కత్తిపోటు కాకుండా యాక్సిడెంటో, పైనుంచి పడటమో అయితే, ఇక్కడే మొదలుపెట్టండి. కుడి చంక మధ్య నుంచి కిందికి ఒక గీత గీసినట్టు ఊహించుకుని, 8 నుంచి 11వ పక్కటెముకల మధ్య ఖాళీల్లో ప్రోబ్ ఆనించండి. ప్రోబ్ గుర్తు తల వైపు ఉండాలి. పక్కటెముక నీడ నల్లటి పట్టీలా అడ్డం పడితే, గుర్తు ఉన్న అంచుని కొద్దిగా మంచం వైపు తిప్పండి. ప్రోబ్ పక్కటెముకల వాలుకి సరిపోయి రెండు ఎముకల మధ్యలోకి కూర్చుంటుంది, నీడ తగ్గుతుంది.

ముందు లివర్‌కీ కిడ్నీకీ మధ్యనున్న చోటు చూడండి. మోరిసన్ పౌచ్ అంటే ఇదే. మామూలుగా అయితే రెండూ అతుక్కుని ఉన్నట్టు మధ్యలో తెల్లని గీత కనిపిస్తుంది. నెత్తురుంటే ఆ గీత చోట నల్లటి పట్టీ వస్తుంది. ఆ రాత్రి నేను ఆగిపోయింది ఇక్కడే.

ఇప్పుడు ప్రోబ్‌ని ఒకటి రెండు ఖాళీలు కాళ్ల వైపు జరపండి. లివర్ సన్నబడుతూ ముక్కులా ముగుస్తుంది, కిడ్నీ కింది కొస కూడా అదే బొమ్మలోకి వస్తుంది. పొట్ట పైభాగంలో ద్రవం కొద్దిగానే ఉన్నప్పుడు అది తరచుగా ముందుగా కనిపించేది లివర్ కొస చుట్టూనే. మోరిసన్ పౌచ్‌లో ఏమీ లేనప్పుడు కూడా అక్కడ దొరకొచ్చు. మా కుర్రాడికి అదే జరిగింది. కొస కింద కొడవలి మొనలాంటి నల్లటి ముక్క, మహా అయితే ఒక సెంటీమీటరు మందం. సార్ దగ్గరికొచ్చి "ఇప్పుడు చెప్పు" అన్నారు.

మూడో చోటు పైన. ప్రోబ్‌ని తల వైపు జరిపితే డయాఫ్రం వంపు తిరిగిన తెల్లని గీతలా కనిపిస్తుంది. దానికీ లివర్‌కీ మధ్య నలుపు ఉంటే అది పొట్టలోది. డయాఫ్రంకి పైన నలుపు ఉంటే అది ఛాతీలోది. మామూలు మనిషిలో ఊపిరితిత్తి గాలి అడ్డుపడి, వెన్నెముక గీత డయాఫ్రం దగ్గరే ఆగిపోతుంది. ఛాతీలో నెత్తురు నిండితే ఆ గీత డయాఫ్రం దాటి పైకి కూడా సాగుతుంది. పొట్ట చూస్తూనే హీమోథొరాక్స్ పట్టుకునే అవకాశం ఇది, వదులుకోవద్దు.

ఈ మూడు చోట్లలోనూ ప్రోబ్‌ని ఉన్నచోటే ఉంచి, విసనకర్రలా ముందుకీ వెనక్కీ వాల్చండి. ఒక్క బొమ్మ అంటే రొట్టెలోంచి కోసిన ఒక్క ముక్కే కదా, నెత్తురు పక్క ముక్కలో ఉండొచ్చు.

నలుపంతా నెత్తురు కాదు. గాల్ బ్లాడర్, పెద్ద రక్తనాళం, పేగులోని నీరు, కిడ్నీలోని సిస్టు అన్నీ నల్లగానే ఉంటాయి. కానీ వాటికి గోడ ఉంటుంది, అంచులు గుండ్రంగా ఉంటాయి. పొట్టలో విడిగా ఉన్న ద్రవానికి తనదంటూ ఆకారం లేదు. అవయవాల మధ్య సందులో ఇమిడి, మూలల దగ్గర కోసుగా తేలుతుంది. కిడ్నీ చుట్టూ ఉన్న కొవ్వు కూడా మోసం చేస్తుంది. అది పూర్తి నలుపు కాదు, లోపల సన్నటి గీతలుంటాయి, దానికి రెండు వైపులా తెల్లటి అంచు కనిపిస్తుంది. దీనికి ఎదురు మోసం కూడా ఉంది: గడ్డకట్టిన నెత్తురు నల్లగా ఉండదు, బూడిదరంగులో లివర్‌లాగే కనిపించవచ్చు. అంచులు గజిబిజిగా, అవయవం హద్దు తెలియకుండా ఉంటే అనుమానించండి.

ఎడమ పక్క: ఇంకా పైకి, ఇంకా వెనక్కి

కొత్తవాళ్లను బాగా ఇబ్బంది పెట్టే చోటు ఇదే. కుడివైపు పెట్టిన ఎత్తులోనే ఇక్కడా పెడితే పేగుల గాలి తప్ప ఏమీ రాదు. ఎడమ కిడ్నీ కుడిదాని కంటే కాస్త పైన ఉంటుంది, స్ప్లీన్ లివర్ కంటే చాలా చిన్నది. అందుకని రెండు ఖాళీలు పైకి, చంక వెనక గీత మీదికి వెళ్లాలి. ప్రోబ్ పట్టుకున్న మీ వేళ్ల కణుపులు మంచానికి తగలాలి. తగలకపోతే మీరింకా ముందువైపే ఉన్నట్టు.

అందరూ స్ప్లీన్‌కీ కిడ్నీకీ మధ్యే చూసి వదిలేస్తారు. ఎడమవైపు నెత్తురు ముందుగా చేరేది అక్కడ కాదు, స్ప్లీన్‌కీ డయాఫ్రంకీ మధ్య. పెద్దపేగు వంపుని డయాఫ్రంకి కట్టి ఉంచే లిగమెంట్ ఒకటి స్ప్లీన్ కింద అడ్డుగా ఉండి, నెత్తురుని తేలిగ్గా కిందికి దిగనివ్వదు. నిండిన నెత్తురు పొంగి లివర్ వైపుకీ కటి భాగానికీ పోతుంది. స్ప్లీన్ పగిలిన మనిషికి కుడివైపు లివర్ కొస దగ్గర నెత్తురు కనిపించడంలో ఆశ్చర్యం లేనిది ఇందుకే. కాబట్టి డయాఫ్రం గీత పూర్తిగా కనబడేదాకా ప్రోబ్‌ని పైకి తీసుకెళ్లండి. మా కుర్రాడికి అక్కడ నల్లటి పట్టీ, నెలవంకలా స్ప్లీన్ నెత్తిన పరుచుకుని ఉంది.

అన్నం తిని, తాగి వచ్చిన వాళ్లలో కడుపు సంచి స్ప్లీన్ పక్కన పెద్ద నల్లటి మడుగులా కనిపిస్తుంది. లోపల నలకలు తిరుగుతుంటాయి, చుట్టూ గోడ ఉంటుంది. ప్రోబ్‌ని వెనక్కి వాలిస్తే మాయమవుతుంది. నెత్తురైతే స్ప్లీన్‌ని అంటిపెట్టుకునే ఉంటుంది.

పొత్తికడుపు: సిస్టర్‌కి ముందే చెప్పండి

వెల్లకిలా పడుకున్న మనిషికి పొట్టలో అన్నిటికంటే లోతైన పల్లాలలో ఇదొకటి. మగవాళ్లలో బ్లాడర్‌కీ పురీషనాళానికీ మధ్య, ఆడవాళ్లలో గర్భాశయం వెనక. ఇక్కడ చూడటానికి మనకున్న కిటికీ నిండిన బ్లాడర్. యూరిన్ క్యాథెటర్ వేస్తే ఆ కిటికీ మూసుకుపోతుంది. అందుకే స్కాన్ అయ్యాకే క్యాథెటర్ వేయమని సిస్టర్‌కి ముందే చెప్పాలి. నేను చెప్పలేదు. ప్రోబ్ పెట్టేసరికి యూరిన్ బ్యాగు వేలాడుతోంది, బ్లాడర్ చప్పిడిగా ఉంది. క్యాథెటర్ ద్వారా 200 మి.లీ. సెలైన్ ఎక్కించి, ట్యూబు బిగించి మళ్లీ చూశాం. యూరెత్రాకి దెబ్బ తగిలిన అనుమానం లేదు కాబట్టే అలా చేశాం.

ప్రోబ్‌ని జఘనాస్థికి ఆనుకుని పైన పెట్టి, కాళ్ల వైపు వాల్చండి. బొడ్డుకి దగ్గరగా పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. గుర్తు తల వైపు ఉంచి నిలువుగా ఒకసారి, రోగి కుడివైపు ఉంచి అడ్డంగా ఒకసారి, రెండు రకాలుగానూ చూడాలి. కొద్దిపాటి ద్రవం నిలువు బొమ్మలోనే బాగా తెలుస్తుంది.

బ్లాడర్‌లోంచి దూసుకెళ్లిన శబ్ద తరంగాలు దాని వెనక భాగాన్ని వెలిగించేస్తాయి. ఆ తెల్లటి వెలుగులో పల్చటి నెత్తురు పొర మరుగున పడుతుంది. లోతు గెయిన్ కాస్త తగ్గించండి. మగవాళ్లలో బ్లాడర్ వెనక సెమినల్ వెసికిల్స్ సీతాకోకచిలుక రెక్కల్లా రెండువైపులా ఒకేలా ఉంటాయి, అవి ద్రవం కాదు. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లకు గర్భాశయం వెనక కొద్దిగా ద్రవం మామూలుగానే ఉండవచ్చు. అయితే యాక్సిడెంట్ తర్వాత అది మామూలుదే అని ఒక్క స్కాన్‌తో తేల్చేయకూడదు.

గుండె

ఛాతీలోనో, పొట్ట పైభాగంలోనో కత్తిపోటు ఉంటే వరుస మార్చండి, ముందు గుండె చూడండి. డెప్త్ 20 సెంటీమీటర్లకు పెంచి, ప్రోబ్‌ని పెన్నులా కాకుండా పైనుంచి అరచేత్తో పట్టుకోండి. రొమ్ము ఎముక కింది కొస దగ్గర, కాస్త కుడివైపుగా, దాదాపు చర్మానికి పడుకోబెట్టినట్టు పెట్టి ఎడమ భుజం వైపు చూపించండి. గుర్తు రోగి కుడివైపు ఉండాలి. ప్రోబ్‌ని నిలబెడితే గుండె రాదు, పేగులే వస్తాయి. లివర్‌ని కిటికీగా వాడుకోవడమే ఇక్కడి కిటుకు. బొమ్మ రాకపోతే ప్రోబ్‌ని ఇంకాస్త కుడికి జరపండి. మాట వినే స్థితిలో ఉంటే మోకాళ్లు మడిచి, ఊపిరి పీల్చి ఆపమనండి. కాళ్లకీ, వెన్నుకీ దెబ్బ లేకపోతేనే మోకాళ్ల సంగతి. అప్పటికీ రాకపోతే రొమ్ము ఎముకకి ఎడమ పక్కనుంచి చూడండి.

లివర్‌కీ, కుడి జఠరికకీ మధ్య నల్లటి పట్టీ ఉంటే, గుండె చుట్టూ ఉన్న సంచిలో నెత్తురు చేరినట్టు. గుండె ముందు మాత్రమే కనిపిస్తూ, చుక్కలు చుక్కలుగా ఉండి, గుండెతో పాటు ఊగేది చాలాసార్లు కొవ్వు. ఎడమ ఛాతీలోని ద్రవమా, గుండె సంచిలోనిదా అన్న సందేహం వస్తే, రొమ్ము ఎముక పక్కనుంచి నిలువు బొమ్మలో డిసెండింగ్ అయోర్టాని వెతకండి. గుండె సంచిలోని ద్రవం దాని ముందునుంచి పోతుంది, ఛాతీలోనిది దాని వెనక ఉంటుంది.

ఎంత ఉంది అన్నదానికంటే ఎంత వేగంగా చేరింది అన్నది ముఖ్యం. నెలల తరబడి మెల్లగా చేరితే సంచి సాగుతుంది. కత్తిపోటు తర్వాత నిమిషాల్లో చేరితే 150, 200 మి.లీ. కూడా గుండెని నొక్కేయగలవు. గుండె వదులయ్యే సమయంలో కుడి జఠరిక లోపలికి నొక్కుకుపోతుంటే, బీపీ పడిపోతుంటే, ఇక కొలతలు తీస్తూ కూర్చోకండి, సర్జన్‌ని పిలవండి. ఒక ఉచ్చు కూడా ఉంది. గుండె సంచి చిరిగితే నెత్తురు ఎడమ ఛాతీలోకి కారిపోయి, గుండె చుట్టూ ఏమీ లేనట్టే కనిపిస్తుంది. కత్తిపోటు మనిషికి ఎడమ ఛాతీలో నెత్తురుండి, గుండె బొమ్మ శుభ్రంగా ఉంటే ఆ శుభ్రాన్ని నమ్మకండి.

'లేదు' అంటే ఎంతవరకు లేదు

1995లో అచ్చయిన ఒక అధ్యయనంలో వంద మంది పొట్టల్లోకి కొద్దికొద్దిగా సెలైన్ వదులుతూ, చూసేవాళ్లు మోరిసన్ పౌచ్‌లో దాన్ని ఎప్పుడు కనిపెడతారో గమనించారు. సగటున 619 మి.లీ. చేరాక గానీ పట్టుకోలేకపోయారు. 400 మి.లీ. కంటే తక్కువలో పట్టుకోగలిగింది పదిమందిలో ఒక్కరే. అంటే అర లీటరు నెత్తురు పొట్టలోకి పోయినా మోరిసన్ పౌచ్ బొమ్మ శుభ్రంగా ఉండే అవకాశం బాగానే ఉంది. లివర్ కొస, స్ప్లీన్ పైభాగం, పొత్తికడుపు చూడమని ఇంతగా చెప్పడం అందుకే. తలకి దెబ్బ లేకపోతే మంచం తలవైపు కొద్దిగా వంచి చూసినా పైభాగంలో కనిపించే అవకాశం పెరుగుతుంది.

ఎంత బాగా చేసినా కనబడనివి కొన్నున్నాయి. కటి ఎముకలు విరిగి వెన్ను వైపు పొరల్లోకి కారే నెత్తురు ఇందులో తెలియదు. పేగు చిల్లుపడటం, డయాఫ్రం చిరగడం, నెత్తురు బయటికి రాకుండా లివర్ లోపలే చీలడం ఇవేవీ నమ్మకంగా తెలియవు. ఇటువైపు, పాత లివర్ జబ్బు మనిషికి పొట్టలో నీరుంటే అది కూడా నల్లగానే ఉంటుంది, బ్లాడర్ పగిలి కారిన మూత్రమూ అంతే. ఆ నలుపు నెత్తురే అని తెర చెప్పదు.

అందుకే ఫలితాన్ని బీపీ పక్కన పెట్టి చదవాలి. బీపీ నిలబడటం లేదు, పొట్టలో ద్రవం ఉంది: సీటీకి తిప్పకుండా ఓటీకి. బీపీ నిలబడి ఉంది, ద్రవం ఉంది: సీటీ తీస్తే ఏది ఎంత చీలిందో తెలుస్తుంది, కోయకుండానే చూడొచ్చేమో సర్జన్ ఆలోచిస్తారు. బీపీ పడిపోతోంది, స్కాన్‌లో ఏమీ లేదు: ఇదే అన్నిటికంటే టెన్షన్ పెట్టేది. నెత్తురు వేరేచోట పోతోందేమో చూడండి: ఛాతీ, కటి ఎముకలు, తొడ ఎముకలు, వీపు కింద పరుపు మీద. వెతుకుతూనే, పది పదిహేను నిమిషాల్లో స్కాన్ మళ్లీ చేయండి. బీపీ బాగుండి, స్కాన్‌లో ఏమీ లేకపోతే మనిషిని ఇంటికి పంపేయొచ్చని కాదు. పొట్టనొప్పి ఉంటే, పొట్ట మీద సీటు బెల్టు గుర్తు ఉంటే, తాగి ఉండి నొప్పి చెప్పలేకపోతే సీటీయో, అబ్జర్వేషనో తప్పదు.

కేస్ షీట్‌లో ఒక్కో చోటుకీ విడిగా రాయండి. జవాబులు రెండు కాదు, మూడు: ఉంది, లేదు, సరిగా కనబడలేదు. లావుపాటి మనిషికో, చర్మం కింద గాలి చేరిన మనిషికో ఎడమవైపు బొమ్మ రాకపోతే 'లేదు' అని రాయడం అబద్ధం కిందే లెక్క. టైమ్ వేయండి, క్లిప్ సేవ్ చేయండి.

మా కుర్రాడికి లీటరు రింగర్ లాక్టేట్ పోయాక బీపీ 104కి లేచి, పది నిమిషాల్లో 84కి దిగింది. అప్పటికే నెత్తురు తెప్పించారు, సర్జన్ గారు వచ్చి ఎడమవైపు బొమ్మ తనే ఒకసారి చూసుకున్నారు. సీటీ మాట ఎవరూ ఎత్తలేదు. పొట్ట తెరిస్తే స్ప్లీన్ మొదట్లో, రక్తనాళాలు లోపలికెళ్లే చోట చీలిక ఉంది. సక్షన్ బాటిల్లో దాదాపు లీటరుంపావు నెత్తురు. స్ప్లీన్ తీసేశారు. నేను కేస్ షీట్ తీసి, 11.18కి రాసిన 'నో ఫ్రీ ఫ్లూయిడ్'ని చెరిపేయకుండా అడ్డంగా ఒక్క గీత గీసి, సంతకం పెట్టి, దాని కింద రాశాను: '11.21, లివర్ కొస దగ్గర ఉంది. 11.22, స్ప్లీన్ పైన ఉంది.'